గల్లాలో నుంచి ఇంటికి డబ్బు తీయొచ్చా?

పార్లర్ లక్ష్మి, కడప: యర్రముక్కపల్లిలో చిన్న బ్యూటీ పార్లర్ నాది. లెక్కలు చదువుకోలేదు. రాత్రికి గల్లాలో ఉండాల్సినంత ఉండదు. ఇంటి ఖర్చుకు అందులో నుంచే తీస్తా. మా ఆయన అసలు ముట్టుకోవద్దంటాడు. ఎవరిది కరెక్ట్?

ప్రొద్దుటూరు కిరాణా: మీ ఆయనదే కరెక్టమ్మా. ఆదివారం రాత్రి ఇంటికింత అని ఒకేసారి తీసుకో. రోజూ చెయ్యి పెడితే అంగడి మిగలదు.

అనంతపురం ఐస్‌క్రీం: జీఎస్టీ తీసుకున్నావా అక్కా? నాకు అదే టెన్షన్.

అకౌంట్స్ అక్క, కర్నూలు: ఆమె అడిగింది అది కాదు తమ్ముడూ.

లక్ష్మీ, తీసుకోమ్మా. కానీ తీసిన నిమిషంలోనే నోట్‌బుక్‌లో ‘ఇంటికి’ అని రాయి, అంగడి ఖర్చులో కలపొద్దు. పొద్దున చిల్లర 500 పెట్టావనుకో. కస్టమర్ లేచి వెళ్లేలోపే ఒక్కో పనీ రాయాలి, నగదుకు ఒక గడి, ఫోన్‌కు ఒక గడి. రాత్రికి నగదు గడి 2,250, ఫోన్ గడి 2,100 వచ్చాయి. టీకి, దారం రీళ్లకు 220 పోయింది, ఇంటికి గ్యాస్ బండకు 900 తీశావు. 500కు 2,250 కలిపి ఆ రెండూ తీసేస్తే గల్లాలో 1,630 ఉండాలి. ఎణిస్తే 1,480 ఉంది. 150 తక్కువ.

పనిచేసే పిల్లను వెంటనే అనుమానించొద్దు. ముందు ఫోన్‌లో ఆ రోజు వచ్చిన మొత్తం చూడు. అక్కడ 2,250 ఉంటే ఎవరో ఫోన్‌లో కట్టిన 150ని నువ్వు నగదు గడిలో రాశావు, డబ్బు ఎక్కడికీ పోలేదు. ఫోన్‌లోనూ 2,100 మాత్రమే ఉంటే రాయని ఖర్చో, అప్పు పెట్టినదో, చిల్లర ఎక్కువిచ్చినదో అయి ఉంటుంది. ఎంతకీ దొరకకపోతే ‘తక్కువ 150’ అని అట్లే రాసి పడుకో. సొంత డబ్బు వేసి సరిచేస్తే రేపు అదే తప్పు ఎక్కడ జరుగుతోందో తెలియదు.

పార్లర్ లక్ష్మి, కడప: పెళ్లికూతురి మేకప్‌కు అడ్వాన్స్ ఇస్తారక్కా, పని వచ్చే నెల. అదెట్లా?

అకౌంట్స్ అక్క, కర్నూలు: చేతికొచ్చిన రోజే గల్లా లెక్కలోకి రావాలి, లేకపోతే ఆ రాత్రి డబ్బు ఎక్కువ కనిపిస్తుంది. పక్కన ‘అడ్వాన్స్’ అని పేరు, తేదీ రాయి. పని చేసిన రోజు మిగతాదే కలుపు.

ప్రొద్దుటూరు కిరాణా: అంతా బాగుందక్కా. కానీ రాసిపెట్టినంత మాత్రాన ఆ 900 తిరిగొస్తుందా? నెలాఖరుకు క్రీములు తెప్పించేటప్పుడు చేతిలో ఏముంటుంది?

అకౌంట్స్ అక్క, కర్నూలు: గ్యాస్ బండ ఆదివారం దాకా ఆగుతుందా అన్నా? ముందు నెల రోజులు రాయనీ. ‘ఇంటికి’ గడి మొత్తం చూశాక వారానికి ఎంత తీయొచ్చో ఆమే చెబుతుంది.

ప్రొద్దుటూరు కిరాణా: నేనైతే ఒప్పుకోను.