మింగడం కష్టమైన అత్తమ్మకు రోజుకు ఎన్ని నీళ్లు కావాలి? సరిపోతున్నాయో లేదో ఎలా తెలుసుకోవాలి?

హనుమకొండ కోడలు
మా అత్తమ్మకు 74 ఏళ్లు, బరువు 48 కిలోలు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి నీళ్లు తాగితే పొలమారుతోంది. స్పీచ్ థెరపిస్టు చూసి, నీళ్లలో చిక్కదనం పొడి కలిపి చెంచాతో పట్టమన్నారు. నాలుగు చెంచాలు తాగేసరికి తల తిప్పేస్తారు. దాహం వేస్తోందా అని అడిగితే లేదంటారు. మే ఎండలకు కూలర్ పెట్టినా గది వేడిగానే ఉంటోంది, మధ్యాహ్నాలు బాగా మగతగా ఉంటున్నారు. రోజుకు లీటరున్నర చాలని ఒకరు, రెండు లీటర్లు కావాలని మరొకరు చెప్పారు. రక్తపరీక్షలో సోడియం 142 వచ్చింది, మామూలే అన్నారు. ఎవరి లెక్క నమ్మాలి?

కాజీపేట పెన్షనర్
ఇంత కంగారు ఎందుకమ్మా? మూత్రం రంగు చూడండి, ముదురు పసుపు ఉంటే నీళ్లు తక్కువైనట్టే. చేతి మీద చర్మం గిల్లి వదిలితే వెంటనే సర్దుకోవాలి. రోజుకు మూడు లీటర్లు పట్టించండి, అందులో రెండు కొబ్బరి బోండాలు ఉండాలి. మా ఇంట్లో అందరికీ ఇదే పద్ధతి.

జనగామ రైతుబిడ్డ
మా బాపుకూ అన్నం గొంతులో అడ్డం పడేది. ఎండోస్కోపీ చేస్తే ఆహారనాళం సన్నబడిందని తేలింది. బెలూన్‌తో వెడల్పు చేశారు, ఇప్పుడు జొన్నరొట్టె కూడా తింటున్నారు. మీరూ ఒకసారి చూపించండి.

వార్డు అక్క (రిటైర్డ్ స్టాఫ్ నర్సు)
తమ్ముడూ, మీ బాపుది అన్నం కిందికి దిగని సమస్య. వీళ్ల అత్తమ్మకు నీళ్లు శ్వాసనాళం వైపు పోతున్నాయి. రెండింటి దారులూ వేరు.

పెన్షనర్ గారూ, మూత్రం రంగు మనలాంటి వాళ్లకు కొంత పనికొస్తుంది. వయసు మీద పడ్డవాళ్లలో దాన్ని నమ్మలేం. బి కాంప్లెక్స్ మాత్ర వేసుకున్నా మూత్రం పసుపుగానే వస్తుంది. చర్మానికైతే డెబ్బై దాటాక సాగే గుణమే తగ్గిపోతుంది, ఒంట్లో నీళ్లు నిండుగా ఉన్నా గిల్లిన చోట మడత నిలుస్తుంది. నోరు ఎండడం కూడా అంతే, నోటితో ఊపిరి తీసుకునేవాళ్లకు ఎప్పుడూ ఎండుతూనే ఉంటుంది. ఇక మూడు లీటర్లు, బోండాలు అందరికీ చెప్పకండి. గుండె బలహీనంగా ఉన్నా, కిడ్నీ దెబ్బతిన్నా అవి ప్రమాదం. బోండాంలో పొటాషియం ఎక్కువ.

కోడలా, లెక్కలు తేడాగా రావడానికి కారణం ఉంది. కిలోకు 30 మిల్లీలీటర్లంటే మీ అత్తమ్మకు 1440. బరువు తక్కువున్నవాళ్లకు ఈ లెక్క తక్కువ చూపిస్తుంది కాబట్టి 1500కి తగ్గనివ్వరు. ఇంకో పద్ధతిలో మొదటి 20 కిలోలకు 1500, ఆపైన కిలోకు 15 చొప్పున కలిపితే 1920. ఈ రెండింటిలో తిండిలోని నీళ్లు కూడా కలిసి ఉంటాయి. ఐరోపా క్లినికల్ న్యూట్రిషన్ సంఘం ముసలి ఆడవాళ్లకు తాగే పానీయాలే 1.6 లీటర్లు ఉండాలంటుంది, తిండి వేరు. మగవాళ్లకైతే 2 లీటర్లు. డాక్టరు నీళ్లు తగ్గించమని చెప్పి ఉండకపోతే ఈ 1.6నే గురిగా పెట్టుకోండి. జ్వరం, విరేచనాలు, ఈ ఎండ ఉంటే ఇంకా పెరగాలి.

కానీ ముందు, నిన్న లోపలికి ఎంత పోయిందో చెప్పండి. గ్లాసులో ఎంత పోశారన్నది కాదు.

హనుమకొండ కోడలు
మందు సీసా మూతతో కొలిచాను. రాగిజావ 200, టీ రెండుసార్లు కలిపి 150, మజ్జిగ 150, చిక్కబరిచిన నీళ్లు 350. తువ్వాలు మీద ఒలికింది తీసేశాను. తిండి అంటే మెత్తటి పప్పన్నం, కొంచెం పెరుగు.

వార్డు అక్క
మొత్తం 850. గురిలో దాదాపు సగమే. తిండిలో మహా అయితే మరో 400 అనుకున్నా 1250, అన్నిటికంటే చిన్న లెక్కకు కూడా చాలదు. చెంచాకు 5 మిల్లీలీటర్లు పడితే 1600కి 320 చెంచాలు. ఆమె తల తిప్పేయడంలో ఆశ్చర్యం ఏముంది! భోజనం వేళ ఒక్కసారే పట్టకుండా ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా గంటకు వందో నూటఇరవయ్యో నిటారుగా కూర్చోబెట్టి ఇవ్వండి. చిక్కబరిచినా అవి నీళ్లే, ఒంటికి అందుతాయి. తాగేది తగ్గిపోవడమే అసలు చిక్కు.

ఆ రిపోర్టులో పొటాషియం, గ్లూకోజ్, యూరియా, క్రియాటినిన్ ఎంత?

హనుమకొండ కోడలు
పొటాషియం 4, గ్లూకోజ్ 108, యూరియా 48, క్రియాటినిన్ 0.8.

వార్డు అక్క
ఇప్పుడు చూడండి. గ్లూకోజ్‌ను 18తో భాగిస్తే 6, యూరియాను 6తో భాగిస్తే 8. ఆ తర్వాత:

```
1.86 × (142 + 4) + 1.15 × 6 + 8 + 14 = 300.5
```

ఇది రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే లెక్క. 295 దాటితే ముసలివాళ్లలో నీళ్లు తగ్గాయని అనుమానించాలి. విడివిడిగా చూస్తే సోడియం మామూలే, కలిపి చూస్తే కాదు. ఒక షరతు ఉంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకు యూరియా ఊరికే పెరిగి ఈ అంకెను పైకి లాగుతుంది. మీ అత్తమ్మ క్రియాటినిన్ బాగుంది కాబట్టి ఇక్కడ లెక్కను పట్టించుకోవాలి. కాగితం తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. మగత పెరిగినా, మాట తికమకపడినా, మూత్రం బాగా తగ్గినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. నోటి ద్వారా అందకపోతే సెలైన్ ఎక్కించాలా, ముక్కు గొట్టం వేయాలా అన్నది వాళ్లు చూస్తారు.

ములుగు రోడ్డు మనవడు
ఆ పొడి డబ్బా ఖరీదు భరించలేక మా అమ్మమ్మకు అంబలే చిక్కగా కాచి పోస్తున్నాం. బాగానే ఉంది కదా?

వార్డు అక్క
కడుపుకు మంచిదే, పొడికి బదులు మాత్రం కాదు. వేడిగా ఉన్నప్పుడు పలచగా, చల్లారాక గట్టిగా, ఒక్కో గుక్క ఒక్కోలా ఉంటుంది. ఇంకో సంగతి, ఎంగిలి చెంచా గిన్నెలో పెట్టి కాసేపటికి చూడండి. లాలాజలం తగిలిన పిండి పలుచబడి పైన నీరు తేలుతుంది. ఆమె నోట్లోనూ అదే జరుగుతుంది. జాంథాన్ గమ్ కలిసిన పొడి అలా కరగదు.

కరీంనగర్ సత్తెమ్మ కూతురు
మా థెరపిస్టు భోజనాల మధ్య, పళ్లు, నాలుక శుభ్రంగా తోమాక, మామూలు నీళ్లే కొద్దికొద్దిగా పట్టమన్నారు. అమ్మ ఇష్టంగా తాగుతోంది. పొడి ఎందుకు అందరికీ?

వార్డు అక్క
ఆ పద్ధతి ఉంది, కొందరికి పనికొస్తుంది. నిటారుగా కూర్చోగలగాలి, నోరు శుభ్రంగా ఉండాలి, అంతకుముందు న్యుమోనియాలు వచ్చి ఉండకూడదు. కొందరికి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్నా దగ్గు కూడా రాదు, అందుకే చూసి చెప్పాల్సింది థెరపిస్టే. అసలు ఎవరికి ఏది మేలన్న దాని మీద మా వార్డులో డాక్టర్లూ థెరపిస్టులూ ఒక్క మాట మీద ఉండేవారు కాదు.

హనుమకొండ కోడలు
నిలబడలేని మనిషిని రోజూ తూకం ఎలా వేయాలక్కా?

వార్డు అక్క
కుర్చీ తూకం దొరకకపోతే డైపర్ తూచండి. తడిసిన డైపర్ బరువులో పొడి డైపర్ బరువు తీసేస్తే గ్రాముకు ఒక మిల్లీలీటరు. రోజుకు 500కి లోపు పడితే ఆలస్యం చేయకండి. తూకం దొరికితే మాత్రం రెండు మూడు రోజుల్లో కిలో తగ్గడమంటే దాదాపు లీటరు నీళ్లు పోయినట్టే, అంత త్వరగా కండ కరగదు.

కాజీపేట పెన్షనర్
మా ఆవిడకు గుండె డాక్టరు రోజుకు లీటరుంబావు దాటొద్దన్నారు, నీరు తీసే మాత్ర కూడా ఉంది. ఆమెకూ ఈ మధ్య పొలమారుతోంది. జావ, మజ్జిగ ఆ లీటరుంబావులోనే లెక్కా?

వార్డు అక్క
అవును సార్, అన్నీ అందులోనే. పెరుగన్నం పలుచగా కలిపినా సరే. ఆమెకు నా 1.6 లెక్క వాడకండి. రోజూ బరువు రాసిపెట్టి, పొలమారుతున్న విషయం ఆ డాక్టరుకే చెప్పండి. మాత్ర మోతాదు మార్చేది ఆయనే.