ఆడిటర్ గారికి ఏడాది లెక్కల ఉత్తరం రాశాను, పంపేముందు ఒకసారి చూడండి

తెనాలి కొట్టు
నాది తెనాలిలో కరెంటు సామాన్ల కొట్టు. వైర్లు, స్విచ్‌లు, ఫ్యాన్లు అమ్ముతాను. పోయినేడు రిటర్న్ వేసేటప్పుడు ఆడిటర్ గారి ఆఫీసు నుంచి రోజుకో ఫోన్. స్టాకు ఎంత, లోన్ ఎంత అని అడగడం, నేను కొట్లో గిరాకీ మధ్యలో నోటికొచ్చిన అంకె చెప్పడం. బ్యాంకు ఓడీ రెన్యువల్‌కి బ్యాలెన్స్ షీటు కూడా కావాలి కాబట్టి, ఈసారి అన్నీ ఒకే ఉత్తరంలో పెట్టాను:

"ఆడిటర్ గారికి నమస్కారం. 31-3-2025తో ముగిసిన ఏడాదికి మా కొట్టు లెక్కలు పంపుతున్నాను. అమ్మకాలు (నగదు, ఫోన్ పేమెంట్లు, బ్యాంకు కలిపి) 54,51,600. కొనుగోళ్లు 38,50,000. ఏడాది మొదట్లో సరుకు 6,40,000, ఆఖర్న 8,60,000. అద్దె 1,44,000. జీతాలు 2,16,000. లోన్ వాయిదాలు 2,20,800. మేము ఇవ్వాల్సిన బాకీలు 3,10,000, మాకు రావాల్సినవి 1,75,000. పన్ను ఎంత పడుతుందో దయచేసి తెలపగలరు."

ఇంకా ఏం రాయాలి?

గుంటూరు వాసి
ఇంత టెన్షన్ దేనికి అన్నా? రెండు కోట్లలోపు టర్నోవర్ అయితే 44ఏడీ కింద 8 శాతం లాభం చూపించేస్తే సరిపోతుంది. స్టాకూ అక్కర్లేదు, బాకీలూ అక్కర్లేదు. నేను నాలుగేళ్లుగా టర్నోవర్ ఒక్కటే వాట్సాప్‌లో పంపుతున్నాను.

లెక్కల పద్దు
ఆడిటర్ ఆఫీసులో ఇరవై రెండేళ్లు లెక్కలు రాశాను. గుంటూరు గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. 8 శాతం నగదు అమ్మకాల మీద. బ్యాంకు ద్వారా, ఫోన్ ద్వారా వచ్చిన దానికి 6 శాతం చాలు. అంటే ఏది ఎంతో విడదీసి చెప్పకపోతే ఎక్కువ పన్ను కట్టేది మీరే. ఇక ఐటీఆర్-4 ఫారంలో కూడా స్టాకు, రావాల్సినవి, ఇవ్వాల్సినవి, చేతిలో నగదు అడుగుతారు. అక్కడ ఊహించి రాసిన అంకె వచ్చే ఏడాదికి మొదటి సరుకుగా వచ్చి కూర్చుంటుంది.

తెనాలి గారికి ఓడీ ఉంది, కాబట్టి పూర్తి లెక్కలే కావాలి. ఆ ఉత్తరంలో నాకు ముందు కనబడింది ఇది. మీ అంకెలతోనే కొట్టు లాభం వేస్తే 18,21,600 వస్తోంది, అంటే అమ్మకాల మీద 33 శాతం పైన. వైర్లూ ఫ్యాన్లూ అమ్మే కొట్టుకి అంత మిగులుతుందా? మీ కొనుగోళ్లలో జీఎస్టీ ఉందా, తీసేసి రాశారా? అమ్మకాల్లో?

తెనాలి కొట్టు
మిగలదండీ, పద్దెనిమిదో ఇరవయ్యో. కొనుగోళ్లు బిల్లులో జీఎస్టీ ముందు అంకె. అమ్మకాలు మాత్రం చేతికొచ్చిన డబ్బంతా కూడాను. ఏడాదిలో అరువు పెద్దగా పెరగలేదు, తగ్గలేదు.

లెక్కల పద్దు
అదే పొరపాటు. చేతికొచ్చిన దాంట్లో 18 శాతం జీఎస్టీ ఉంది, అది ప్రభుత్వానిది. 54,51,600ని 1.18తో భాగిస్తే 46,20,000. మీ పన్నెండు జీఎస్టీఆర్-3బిల మొత్తం కూడా దాదాపు ఇదే రావాలి. రాకపోతే ఉత్తరం పంపకుండా ఆ తేడా ఏ నెలలో ఉందో వెతకండి. నోటీసు వచ్చేది ఎక్కువగా ఈ తేడా మీదే. ఇక స్టాకు ఎలా లెక్కేశారు?

తెనాలి కొట్టు
ఏప్రిల్ 6 ఆదివారం, కొట్టు మూసి నేనూ మా బామ్మర్దీ అరలన్నీ లెక్కపెట్టాం. రేటు మా అమ్మకం పట్టీలోది వేశాను.

లెక్కల పద్దు
రెండు తప్పులు జరిగాయి బాబూ. 90 మీటర్ల వైరు కాయిల్ మీకు 1,400కి పడి 1,700కి అమ్ముతుంటే, స్టాకులో 1,400 రాయాలి, జీఎస్టీ లేకుండా. అమ్మకం రేటు రాస్తే ఇంకా రాని లాభానికి ఇప్పుడే పన్ను కడతారు. రెండోది, మీరు 31 సాయంత్రం లెక్కపెట్టలేదు. 1 నుంచి 6 దాకా అమ్మినవి కొన్న రేటుకి కలపాలి, ఆ రోజుల్లో వచ్చిన సరుకు తీసేయాలి. అమ్ముడుపోని పాత మోడల్ రెగ్యులేటర్లు ఉంటే, ఎంతకి పోతాయో అంతే వేయండి, అది కొన్న రేటు కంటే తక్కువైతేనే.

మిర్యాలగూడ హార్డ్‌వేర్
స్టాకు మాటొచ్చింది కాబట్టి నా సంగతి చెబుతాను. మార్చి 29 తేదీ బిల్లుతో 74,000 సరుకు లారీలో వచ్చింది, దిగింది ఏప్రిల్ 2న. బిల్లు కొనుగోళ్లలో ఎక్కింది, సరుకు లెక్కలో లేదు. లాభం 74,000 తగ్గిపోయింది. రిటర్న్ వేశాక బయటపడి, సవరించి మళ్లీ వేయాల్సి వచ్చింది. ఉత్తరంలో "దారిలో ఉన్న సరుకు" అని ఒక వరుస పెట్టండి.

బొటిక్ అమ్మాయి
నాది కరీంనగర్‌లో ఇంట్లోనే బొటిక్. మా బాబు స్కూలు ఫీజు, నా ఎల్ఐసీ, అన్నీ షాపు ఖాతా నుంచే కడతాను. ఇవి ఖర్చుగా రాయొచ్చా?

లెక్కల పద్దు
రాయకూడదమ్మా. అవి సొంత వాడకం. కానీ ఆడిటర్‌కి విడిగా చెప్పండి, లేకపోతే ఖాతాలోంచి పోయిన డబ్బు ఎటు పోయిందో తెలియక ఆయన మీకే ఫోన్ చేస్తారు. ఎల్ఐసీ రసీదు పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకే పనికొస్తుంది.

తెనాలి కొట్టు
మళ్లీ వేశాను. స్టాకు కొన్న రేటుకి, ఆరు రోజుల సర్దుబాటుతో 7,10,000. లాభం 46,20,000 కి 7,10,000 కలిపి, 6,40,000, 38,50,000 తీసేస్తే 8,40,000. అమ్మకాల మీద 18 శాతం. ఇది మా కొట్టు లెక్కలాగే ఉంది. ముందు రాసినదానికీ దీనికీ 9,81,600 తేడా. ఆ ఉత్తరం పంపేసి ఉంటే!

లెక్కల పద్దు
లోన్ వాయిదాలు కూడా మార్చండి. వాయిదాలో అసలు భాగం ఖర్చు కిందికి రాదు, వడ్డీ ఒక్కటే ఖర్చు. బ్యాంకులో వడ్డీ సర్టిఫికెట్ అడగండి.

తెనాలి కొట్టు
తెచ్చాను. 2,20,800లో వడ్డీ 81,350 మాత్రమే.

విజయవాడ సప్లయర్
నేను అవతలి వైపు వాణ్ణి, స్విచ్ బోర్డుల పెట్టెలు తయారుచేసి కొట్లకి వేస్తాను. ఇవ్వాల్సిన బాకీలు 3,10,000 అని ఒకే అంకె రాస్తే చాలదు. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న మాలాంటి చిన్న తయారీదారుకి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో ఇవ్వాలి. గడువు దాటి మార్చి 31 నాటికి ఇవ్వకుండా ఉంటే ఆ కొనుగోలు ఈ ఏడాది ఖర్చులోకి రాదు, ఇచ్చిన ఏడాదిలోనే వస్తుంది. పేరు, బిల్లు తేదీ, మొత్తం, ఇచ్చిన తేదీ రాయండి.

తెనాలి కొట్టు
అయ్యో, మాకు అలాంటిది ఒకటుంది. జనవరి 10 బిల్లు 92,000, ఒప్పందం ఏమీ లేదు, ఏప్రిల్ 20న ఇచ్చాను. ఇంకొకటి మార్చి 22ది, ఏప్రిల్ 3న ఇచ్చాను.

లెక్కల పద్దు
మార్చి 22ది గడువులోనే ఇచ్చారు, ఇబ్బంది లేదు. ఆ 92,000 మాత్రం ఈ ఏడాది లాభానికి కలుస్తుంది, వచ్చే ఏడాది తగ్గుతుంది. అయితే ఆ సప్లయర్ తయారీదారా, కొని అమ్మేవాడా చూడండి. ఉత్త వ్యాపారికి ఈ నిబంధన వర్తించదు.

తెనాలి కొట్టు
ఆయన బోర్డులు చేస్తాడు, బయటి బ్రాండు స్విచ్‌లు తెచ్చి కూడా అమ్ముతాడు. ఆ బిల్లులో రెండూ ఉన్నాయి.

విజయవాడ సప్లయర్
ఉద్యం సర్టిఫికెట్‌లో తయారీ అని ఉంటే మొత్తం బిల్లుకీ వర్తిస్తుందని మా ఆడిటర్ గారు అంటారు.

లెక్కల పద్దు
నేను పనిచేసిన చోట కొన్న సరుకు భాగం విడదీసేవాళ్లు. ఇద్దరి దగ్గరా వాదనలున్నాయి. సర్టిఫికెట్ కాపీ, బిల్లు కాపీ రెండూ ఉత్తరంతో పెట్టండి, నిర్ణయం మీ ఆడిటర్ గారు తీసుకుంటారు.

తెనాలి కొట్టు
సర్టిఫికెట్ కోసం ఇప్పుడే ఫోన్ చేశాను, రేపు పంపుతానన్నాడు. అది వచ్చాక బాకీల పట్టీ వరుసలుగా వేసి ఉత్తరం మళ్లీ ఇక్కడ పెడతాను.