ఆవిడ ‘త్యూ’ అంది, నేను ‘వూ’ అన్నాను. ఇప్పుడెలా?

రవి (లియోన్): మా కొనుగోళ్ల విభాగంలో ఒకావిడతో నాలుగేళ్లుగా మెయిల్స్ నడుస్తున్నాయి. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మొదటినుంచీ ఇద్దరం ఫ్రెంచ్‌లో ‘వూ’ అనే, అంటే మన ‘మీరు’ అనే రాసుకుంటున్నాం. పోయిన సోమవారం ‘మెర్సీ పూర్ తోఁ ఫిషియే’ అని రాసింది. ‘మీ ఫైలుకు’ కాదు, ‘నీ ఫైలుకు’ థాంక్స్ అని. అంటే ‘త్యూ’కి, మన ‘నువ్వు’కి, మారిందన్నమాట. నేను పాత మెయిల్ కాపీ చేసి ‘మీ’ అనే ‘వోత్ర్’, ‘మీరు చేయగలరా’ అనే ‘పువే-వూ’లతోనే జవాబిచ్చాను. పెద్దావిడ కదా, మర్యాదే అనుకున్నాను. గురువారం మళ్లీ ‘వూ’తో రాసింది, అదీ రెండే లైన్లు. టెన్షన్‌గా ఉంది.

సుబ్రహ్మణ్యం (హైదరాబాద్): మీరు చేసిందే సరైనది. ‘త్యూ’ అందామని అడగాల్సింది వయసులోనో హోదాలోనో పెద్దవాళ్లు. ఆవిడ అడిగేదాకా ‘వూ’ మానకూడదు. నేను చాలా ఏళ్లు ఫ్రెంచ్ చెప్పాను, పిల్లలకు ఇదే నేర్పాను.

మాధవి (పారిస్): పెద్దవాళ్లే మొదలుపెట్టాలన్నది నిజమే మాస్టారూ. కానీ ఆవిడ మొదలుపెట్టేసింది కదా! ‘ఓఁ స త్యుత్వా?’, అంటే ‘త్యూ అనుకుందామా?’ అని ప్రశ్నలాగా అడిగేవాళ్లు ఉంటారు, చడీచప్పుడు లేకుండా ఒక ‘తోఁ’ జారవిడిచేవాళ్లూ ఉంటారు. నాలుగేళ్ల పరిచయంలో రెండోదే ఎక్కువ చూశాను.

రవీ, మీరు పప్పులో కాలేసింది ఎక్కడంటే, మనింట్లో పెద్దమ్మ ‘నువ్వు’ అంటే మనం ‘మీరు’ అంటాం, అది గౌరవం. ఇక్కడి ఆఫీసులో అలా ఒకవైపే నడవదు. ఒకరు ‘త్యూ’ అన్నాక అవతలివాళ్లు ‘వూ’లోనే ఉంటే, ‘దగ్గరకు రావద్దు’ అన్నట్టు వినిపిస్తుంది. ఆవిడ నొచ్చుకుందని కాదు, మీకు ఇష్టం లేదనుకుని మర్యాదగా వెనక్కి తగ్గి ఉంటుంది.

వెంకట్ (మాంట్రియల్): ఇదంతా ఫ్రాన్సు గోల. మా టీమ్‌లో మొదటి రోజే మేనేజర్‌తో సహా అందరం ‘త్యూ’. నేను అలవాటుకొద్దీ ‘వూ’ అంటే ‘మేమేం ముసలివాళ్లమా’ అని నవ్వారు.

లలిత (రాజమండ్రి): మా కోడలు నన్ను వాట్సాప్‌లో ‘మీరు’ అనే రాస్తుంది, ఫోన్లో మాత్రం ‘నువ్వు’. ఇందులో ఏది మంచిదంటారు?

మాధవి: లలితగారూ, అది మీ ఇద్దరి అదృష్టం. అక్కడ ఏదైనా బాగానే ఉంటుంది :)

రవి: మాధవిగారూ, అయితే ఇప్పుడు ఏం రాయాలి? ఆవిడ మొదటినుంచీ ‘బోన్జూర్ రవి’ అనే రాస్తుంది. అది సరిపోదా?

మాధవి: పేరు పెట్టి పిలవడం వేరు, ‘త్యూ’ వేరు. పేరు రాసి కింద ‘వూ’తో నడపడం ఇక్కడ రోజూ చూసేదే. మనం ఆఫీసులో ‘సుజాతా, మీరు ఆ బిల్లు పంపారా’ అనమూ? అలాంటిదే.

పెద్ద క్షమాపణలు వద్దు. తర్వాతి పని మెయిల్‌లో మొదటి లైను: ‘మొన్న అలవాటులో ‘వూ’ రాసేశాను, నువ్వన్నట్టు త్యూనే బాగుంది.’ అంతే, తర్వాత పనిలోకి వెళ్లిపోండి. కాఫీ మిషన్ దగ్గర కనబడితే నోటితో అనడం ఇంకా తేలిక.

పంపేముందు మాత్రం మెయిల్ మొత్తం చదవండి. పైన ‘త్యూ’ ఉండి, కింద పాత మెయిల్ నుంచి ‘మొహమాటపడకండి’ అనే ‘నెజితే పా’, ‘దయచేసి’ అనే ‘సిల్ వూ ప్లే’, ‘వోత్ర్’ మిగిలిపోతాయి. క్రియ కూడా మారాలి. ‘పువే-వూ’ కాస్తా ‘ప్యూ-త్యూ’, ‘నెజితే’ కాస్తా ‘నెజీత్’. సగం ఇటూ సగం అటూ ఉన్న మెయిల్ పూర్తి ‘వూ’ కంటే వింతగా ఉంటుంది.

సుబ్రహ్మణ్యం: రెండూ తప్పించుకునే దారి ఉంది. ‘కన్ఫర్మ్ చేయగలరు’ అనడానికి ‘మెర్సీ ద కోఁఫిర్మే’ అని రాస్తే సర్వనామమే రాదు.

మాధవి: ఒకసారికి బాగుంటుంది మాస్టారూ. వరసగా మూడు మెయిల్స్ అలా వస్తే హుకుం జారీ చేసినట్టుంటుంది, తప్పించుకుంటున్నట్టు తెలిసిపోతుంది కూడా.

రవి: ఒకే మెయిల్‌లో ఆవిడా మా డైరెక్టరూ ఉంటే?

మాధవి: ఇద్దరినీ కలిపి అంటే ఎలాగూ ‘వూ’నే. మన ‘మీరు’లాగా బహువచనం, దాన్నెవరూ దూరంగా తీసుకోరు. డైరెక్టర్ కాపీలో మాత్రమే ఉండి, రాసేది ఆవిడకే అయితే నేను ‘త్యూ’ మార్చను. కస్టమర్ కాపీలో ఉంటే ‘వూ’కి వెళ్తాను, ఆవిడకూ అర్థమవుతుంది.

సుబ్రహ్మణ్యం: డైరెక్టర్ ముందు కూడా ‘వూ’నే పద్ధతి. ఇందులో నేను మీతో ఏకీభవించను.

వెంకట్: మా డైరెక్టర్ కూడా ‘త్యూ’నే.

రవి: రాసి పంపాను. ‘ప్యూ-త్యూ’తో సహా నాలుగుసార్లు చదివాను. వెంటనే జవాబొచ్చింది: సెలవులో ఉన్నానని ఆటో రిప్లై. అదేమో ‘వూ’లో ఉంది!

మాధవి: అది లోకం మొత్తానికి రాసింది, మీకు కాదు. సోమవారం దాకా ఆగండి.