అప్‌డేట్: మెసేజ్ పైకి చదివితే టోన్ తెలుస్తాదా?

నా ప్రశ్న: "రాజాంలో ఉన్న మా పెదనాన్నకి కౌలు డబ్బుల గురించి మెసేజ్ పెట్టాలి, కోపంగా ఉందో లేదో పంపకముందే ఎలా తెలుస్తాది?"

మీరు చెప్పినట్టే పైకి చదివాను గానీ, నేను చదివితే అన్నీ మెత్తగానే వినిపించాయి, నా గొంతే ఆ మాటల్ని కాపాడేస్తోంది మరి. అందుకే పక్కింటక్కకి ఫోనిచ్చి, విషయం ఏటో చెప్పకుండా, చిరాగ్గా ఉన్న మనిషిలా చదవమన్నాను. "పోయిన నెల కూడా చెప్పాను కదా" దగ్గర అచ్చం దెప్పినట్టే ఉంది, "ఇక మీ ఇష్టం" అయితే మొహం మీద తలుపేసినట్టే! ఆ రెండూ తీసేసి "పెదనాన్నా, పాప ఫీజు కట్టాలి, సంక్రాంతి లోపు ఎంత కుదురుతాదో చెప్పండి" అని పెట్టాక, అక్క ఎంత విసురుగా చదివినా వెటకారం అతకలేదు. కాకపోతే రెండోసారికి ఆవిడకి విషయం తెలిసిపోయింది కాబట్టి ఇంకో మనిషితో చదివించాల్సింది. పంపేశాను, సాయంత్రమే ఫోన్ చేసి సగం ఇస్తానన్నారు.