అంచు తెగిన పద్యాన్ని ఎలా ఎక్కించాలి?

ఎం.వి.పి. కాలనీ నుంచి ప్రశ్న: ఆర్.కె. బీచ్ అలల ఫొటో మీద వేమన పద్యం వేసిన బొమ్మ మా అపార్టుమెంటు గ్రూపులో వచ్చింది. మన పద్యాల పట్టికలో దీన్ని టైపు చేసి పెడదామనుకుంటున్నాను, కానీ కుడి అంచు తెగిపోయింది. కనిపిస్తున్నది ఇంతే:

ఉప్పు కప్పురంబు నొక్క
చూడ చూడ రుచుల జా
పురుషులందు పుణ్య పు

నాలుగో పాదం చిన్న అక్షరాల్లో ఉంది. దాని కింది సగం లేదు, చివరి అక్షరం "వ" లా ఉంది. నురుగు మీద లేతగా వాటర్‌మార్కు, అందులో "వాణి" ఒక్కటే తెలుస్తోంది. పోయినదాన్ని ఎలా రాయాలి?

గాజువాక: దీనికి అంత టెన్షన్ ఎందుకండీ? అందరికీ వచ్చిన పద్యమే. "జాడలు వేరు" అని నింపేయండి. ఛందస్సు ఉంది కాబట్టి పోయిందేమిటో లెక్క కట్టి చెప్పేయవచ్చు.

సీతమ్మధార: లెక్క కట్టవచ్చన్న మాట సగం నిజం. ఇది ఆటవెలది. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. చూడ, చూడ, రుచుల, ఈ మూడూ అయ్యాక "జా" దగ్గర నాలుగోది మొదలైంది. "జా" గురువు కనుక పక్కన ఒక్క లఘువు పడితే ఆ గణం పూర్తవుతుంది. తర్వాత మరో సూర్యగణం, అంటే రెండక్షరాలో మూడక్షరాలో. మొత్తం పోయినవి మూడు లేదా నాలుగు. మీరు చెప్పిన "జాడలు వేరు" ఇక్కడ ఇమడదు, "లు" ఎక్కువవుతుంది.

ఇంకో ఆధారం ఉంది. "చూ"కి "జా"తో అచ్చు కలవదు, కాబట్టి యతి కుదరదు. ప్రాసయతి కావాలి. అంటే "చూ" తర్వాత "డ" ఉన్నట్టే "జా" తర్వాతి అక్షరంలోనూ డకారం ఉండి తీరాలి. ఛందస్సు ఇక్కడిదాకా తీసుకొస్తుంది. చివర "వేరు" అని మనకు చెప్పేది జ్ఞాపకమే, బొమ్మ కాదు. పాఠాంతరాలు వెతికేవాళ్లకు కావలసింది ఆ తేడాయే. మనం నోటికి వచ్చింది నింపేస్తే ఈ బొమ్మ చేసినవాళ్లు ఏ పాఠం వాడారో మనమే చెరిపేసినట్టవుతుంది.

నేనైతే ఇలా ఎక్కిస్తాను: చూడ చూడ రుచుల జా[డ వేరు]. కింద ఒక వాక్యం: "కుడి అంచు తెగింది. కుండలీకరణంలోది వాడుకలోని పాఠం నుంచి తెచ్చింది, బొమ్మలో లేదు."

మధురవాడ: మా స్థలం దస్తావేజు జిరాక్స్‌లోనూ ఇదే గొడవ. సర్వే నంబరు చివరి అంకె అంచున పోయింది, దాని మీద ముద్ర కూడా పడింది. మాస్టారూ, ఆ అంకెను ఈ పద్ధతిలో తేల్చవచ్చా?

సీతమ్మధార: వద్దు బాబూ. అంకెకు గణమూ లేదు, యతీ లేదు. ముందున్న అంకెలు రాసి "తర్వాత తెగింది, ఇంకెన్ని ఉన్నాయో తెలియదు" అనండి. ఒకటే పోయిందని కూడా అనకండి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోండి.

భీమిలి: ముందు ఒకటి చూసుకోండి. గ్రూపులో కనిపించే చిన్న బొమ్మలో అంచులు దాగి ఉంటాయి, నొక్కి పూర్తిగా తెరిస్తే బయటపడతాయి. తెరిచినా తెగే ఉంటే అప్పుడే "తెగింది" అని రాయండి.

నాలుగో పాదం సంగతి. తెలుగులో కుడివైపు కోత మోసం చేస్తుంది. "మ" కుడి తోక పోతే "వ" లాగే ఉంటుంది. కాబట్టి అది "వేవ" కాదు, "వేమ" కావచ్చు. కిందివైపు కోత పడితే వత్తులు పోతాయి. "విశ్వ" కాస్తా "విశ" అవుతుంది. ద, ధల తేడా కూడా కిందే ఉంటుంది. అందుకని ఆ పాదం కింద "వత్తులు తెగాయి, చివరి అక్షరం వ లేదా మ" అని రాస్తే చదివేవాళ్లు దేన్ని అనుమానించాలో వాళ్లకే తెలుస్తుంది.

ఎం.వి.పి. కాలనీ: తెరిచి చూశానండీ, తెగే ఉంది. వాటర్‌మార్కు మాత్రం ఏటవాలుగా మళ్లీ మళ్లీ వచ్చింది. వెలుతురు తగ్గించి కాంట్రాస్టు పెంచితే ఇసుక మీద "…రవాణి" అని కనిపించింది, నురుగు మీద "వాణి" ఒక్కటే.

భీమిలి: ఒకే గుర్తు పదే పదే పడినప్పుడు ఒకచోట పోయినది మరోచోట దొరుకుతుంది. రెండూ కలిపి చదవండి, కానీ ఏది ఎక్కడ చదివారో రాయండి. అన్నిచోట్లా మొదలు కనపడకపోతే ఇక ఆపేయండి. సేవ్ చేసి మళ్లీ మళ్లీ పంపేకొద్దీ లేత గీతలు అరిగిపోతాయి, కాంట్రాస్టుతో అవి తిరిగి రావు.

గాజువాక: అయితే "తీరవాణి" అని రాసేయవచ్చు కదా, బీచ్ ఫొటోయే!

సీతమ్మధార: ఫొటో బీచ్‌ది కావడం పేరుకు సాక్ష్యం కాదండీ. "…రవాణి, ముందు ఎన్ని అక్షరాలో తెలియదు" అంతే.

గాజువాక: సరే, పేరు వదిలేశాను. "జాడలు" తప్పని కూడా ఒప్పుకుంటాను. కానీ కుండలీకరణాలు పెడితే పిల్లలు చదవలేరు. పద్యం పూర్తిగా ఇచ్చి, తెగిన చోట్లు విడిగా కింద చెబితే సరిపోతుందని నా మాట.

భీమిలి: పద్యాన్ని కాపీ చేసుకునేవాళ్లు కింది మాట వదిలేస్తారు. అప్పుడు ఏది చూసిందో ఏది నింపిందో కలిసిపోతాయి.

ఎం.వి.పి. కాలనీ: పట్టికలో రెండు గడులు చేస్తాను. ఒకదానిలో చూసింది చూసినట్టు, రెండోదానిలో వాడుక పాఠం. బొమ్మ మొదట పంపినావిడను అసలు ఫైలు అడిగాను, ఇంకా జవాబు రాలేదు.