అప్‌డేట్: బ్రిడ్జ్ తర్వాత బ్యాండ్ విడిపోయే సమస్య తీరింది

నేను అడిగింది: "లీడ్ షీట్ చూసే వాయిస్తున్నాం, అయినా బ్రిడ్జ్ అయ్యాక గిటార్ ఒక చోట, కీబోర్డ్ ఇంకో చోట ఉంటాయి, సింగర్ మధ్యలో ఆగిపోతుంది. ఎందుకు?"

సాయం చేసిన అందరికీ థాంక్స్. తప్పు డ్రమ్మర్‌ది కాదు (పాపం, వారం రోజులు మెట్రోనోమ్‌తో కూర్చోబెట్టాం), కార్డ్‌లు తప్పు రాశారేమో అన్నదీ కాదు. రిపీట్ గుర్తుల సంగతి అడిగినవాళ్లే కరెక్ట్.

మా షీట్‌లో 1-6 బార్లు, తర్వాత ఫస్ట్ ఎండింగ్ 7-8, మళ్లీ మొదటి నుంచి వచ్చి సెకండ్ ఎండింగ్ 9-10, ఆపై బ్రిడ్జ్ 11-18. పద్దెనిమిదో బార్ చివర డి.ఎస్. అల్ కోడా, అంటే మొదటి బార్ దగ్గరి గుర్తుకి వెనక్కి వెళ్లి, కోడా అనే ముగింపు భాగానికి దూకమని. పదో బార్ చివర కోడాకి దూకే గుర్తు. వెనక్కి వెళ్లాక గిటారిస్ట్ ఆరో బార్ నుంచి మామూలుగా ఏడుకి వెళ్తున్నాడు, కీబోర్డ్ నేరుగా తొమ్మిదికి. డి.ఎస్. తర్వాత రిపీట్ మళ్లీ చేయమని విడిగా రాసి ఉంటే తప్ప, సాధారణంగా సెకండ్ ఎండింగే తీసుకోవాలట. సాహిత్యం చూసినా తెలిసిపోయేది, అక్కడ సింగర్‌కి మిగిలింది ఒక్క చరణమే!

ఇప్పుడు షీట్ పైన పెన్సిల్‌తో వరుస రాసుకున్నాం: 1-8, 1-6, 9-10, 11-18, 1-6, 9-10, కోడా 19-22. మొత్తం 36 బార్లు. నిన్న మూడుసార్లు వాయించాం, ఒక్కసారి కూడా విడిపోలేదు.