చొలెస్కీ ఆగిపోతే మాత్రిక పాజిటివ్ డెఫినిట్ కాదని తేల్చేయొచ్చా?

గణన్: Ax = b సాల్వ్ చేయాలి, A సౌష్ఠవ మాత్రిక. ముందు ఐగెన్ విలువలన్నీ ధనాత్మకమేనా అని చూసి, తర్వాతే చొలెస్కీకి వెళ్తున్నా. ఆ చెకింగ్ దండగ, చొలెస్కీ ఫెయిలైతే అదే చెప్తుంది అంటున్నారు మా టీంలో. నమ్మొచ్చా?

రేఖ: నిక్షేపంగా నమ్మండి. పూర్తయితే పాజిటివ్ డెఫినిట్, ఆగితే కాదు. మధ్యలో ఇంకేమీ లేదు.

పాతలెక్క: మొదటి మాట సరే. చొలెస్కీకి సుమారు n³/3 గుణకారాలూ కూడికలూ కలిపి పడతాయి, ఐగెన్ విలువలకైతే తొలి దశకే దానికి నాలుగింతలు. పైగా L చేతికొస్తే అదే సాల్వ్ చేయడానికి పనికొస్తుంది. ఈ మాత్రిక చూడండి:

```
1    0.9  0.2
0.9  1    0.9
0.2  0.9  1
```

మొదటి పివట్ 1. రెండోది 1 − 0.81 = 0.19. మూడోది 1 − 0.04 − 0.72²/0.19, అంటే దాదాపు −1.77. దానికి వర్గమూలం లేదు కాబట్టి అక్కడే ఆగుతుంది. LAPACKలో `dpotrf` అయితే `info = 3` ఇస్తుంది, తేడా మూడో వరుస దగ్గర బయటపడిందని. పివట్ ఇంత రుణాత్మకమైతే రౌండింగ్‌ని తప్పుపట్టలేం.

"మధ్యలో ఇంకేమీ లేదు" అన్నది మాత్రం ఒప్పుకోను. B వరుసలు (1, 1), (0, 1e-9) అనుకోండి. BᵀBలో చివరి మూలకం 1 + 1e-18 కావాలి. డబుల్‌లో అది 1గానే మిగులుతుంది, రెండో పివట్ సున్నా అయిపోతుంది. అసలు మాత్రిక పాజిటివ్ డెఫినిట్టే, మెషీన్‌లో నిల్వైనది కాదు.

మేఘన: నాకు దీనికి తిరగబడ్డ అనుభవం. `[[1, 5], [0, 1]]` లాంటి మాత్రిక `np.linalg.cholesky`కి ఇస్తే హాయిగా పాసైంది!

పాతలెక్క: అది కింది త్రిభుజాన్నే చదువుతుందండీ, పైనున్న 5ని చూడనే లేదు. మీరిచ్చింది సౌష్ఠవం కాదు. ఆ పరీక్ష మనమే ముందు చేసుకోవాలి. గణన్ గారి ప్రశ్న వేరు.

గణన్: నా Aకూడా BᵀB నుంచే వచ్చింది. ఆగినప్పుడు వికర్ణానికి 1e-8 కలిపేయనా?

రేఖ: నేనైతే అదే చేస్తా. ఆప్టిమైజేషన్‌లో దిగే దిశ దొరికితే చాలు.

పాతలెక్క: అక్కడ చాలు. ఇక్కడ x విలువే కావాలి. పై ఉదాహరణలో చిన్న ఐగెన్ విలువ సుమారు 5e-19. దానికి 1e-8 కలిపితే ఆ దిశలో జవాబు మీరు కలిపిన అంకెదే, డేటాది కాదు. Bని నేరుగా QR చేయండి.

రేఖ: B విడిగా చేతిలో లేనివాళ్లో? అప్పుడు ఎంత కలపాలో ఎవరు చెప్తారు?